బండి గేటు బయటే ఆపండి: బ్రాయిలర్ కంపెనీలకు, కోళ్ళ వ్యాపారులకు ఒక రైతు బహిరంగ లేఖ

కర్నూలు చుట్టుపక్కల రైతుల దగ్గర బ్రాయిలర్ కోళ్ళు పెంచిస్తున్న కంపెనీల బ్రాంచి మేనేజర్లకు, సూపర్‌వైజర్లకు, మా షెడ్ల నుంచి రాత్రిపూట కోళ్ళు ఎత్తుకుపోయే హోల్‌సేల్ వ్యాపారులకు, నమస్కారం.

నేను ఓర్వకల్లు వైపు రెండు షెడ్లు పెట్టుకుని కోళ్ళు పెంచుతున్న ఆడమనిషిని. మీలో చాలామందికి నేను ఎవరో తెలిసే ఉంటుంది, తెలియకపోయినా ఫరవాలేదు, ఎందుకంటే ఇది నా ఒక్కదాని గొడవ కాదు. ఈ మాటలన్నీ ఇదివరకే సూపర్‌వైజర్‌కి చెప్పాను, ఆయన "బండ్లు వ్యాపారివి అక్కా, నా చేతిలో లేదు" అన్నాడు. వ్యాపారిని అడిగితే "డ్రైవర్ కిరాయివాడమ్మా" అన్నాడు. డ్రైవర్‌ని అడిగితే పాపం అతను మాత్రం ఏం చెప్తాడు, ఎక్కడికి పొమ్మంటే అక్కడికి పోతాడు. అందుకే అందరూ ఒకేసారి చదువుతారని బయట పెడుతున్నాను.

పోయిన చలికాలం ఒక రాత్రి పదకొండు దాటాక బండి వచ్చింది. నేను టార్చి పట్టుకుని క్రేట్లు దింపుతుంటే చూస్తున్నాను. పై వరసలో ఒక క్రేటు మూలన తడి లిట్టర్, అదే షెడ్డు నేల మీద పరిచే పొట్టు, అతుక్కుని ఉంది, దాంట్లో ఒక ఈక. వేలంత పొడుగు, గోధుమరంగు, అంచున నల్ల గీత. నా షెడ్డులో ఉన్నవి నాలుగువేల ఎనిమిది వందల కోళ్ళు, అన్నీ తెల్లవే. అంటే ఆ క్రేటు నా దగ్గరికి రాకముందు ఎక్కడో నాటుకోళ్ళనో, గుడ్లు పెట్టడం మానేసిన ముసలి కోళ్ళనో మోసింది, కడగకుండా అలాగే వచ్చింది. మడ్‌గార్డు కింద చెయ్యి పెట్టి చూస్తే రెట్టా మట్టీ కలిసి పెచ్చులు పెచ్చులుగా ఊడొచ్చింది. ఆ క్రేట్లనే మీవాళ్ళు షెడ్డు మధ్యదాకా ఈడ్చుకొచ్చి నింపారు.

ఆ రాత్రి రెండువేల నాలుగు వందల కోళ్ళు ఎత్తారు. మిగతావి రేపో ఎల్లుండో అన్నారు. మర్నాటికి రేటు పడిపోయింది, బండి రాలేదు. ఎనిమిది రోజులు రాలేదు. ఐదో రోజు నుంచి షెడ్డులో చావులు మొదలయ్యాయి. మొదటి రోజు తొమ్మిది, తర్వాత ఇరవై రెండు, తర్వాత అరవై ఒకటి. మెడలు తిప్పేస్తున్నాయి, పచ్చగా పారుతున్నాయి, నీళ్ళ దగ్గరికి రావడం లేదు. పదిహేను వందల లీటర్ల ట్యాంకు రోజూ రాత్రికి అయిపోయేది, ఆ రోజు మర్నాడు పొద్దునకి కూడా సగం మిగిలింది. మిగిలినవి సగం కోళ్ళే కదా అని నేను కూడా మొదట లెక్క వేసుకున్నాను. కానీ ముందు రోజు వరకూ ఆ సగం కోళ్ళే అంతకంటే చాలా ఎక్కువ తాగాయి.

పశువైద్యశాలకు ఫోన్ చేశాను. డాక్టర్ గారు వచ్చి చూసి, నమూనాలు తీసి పంపించి, రిజల్టు వచ్చేదాకా ఏదీ కదిలించొద్దన్నారు. ఆ మధ్యలో మీలో ఒకరు నాకు ఫోన్ చేసి "ఈ రాత్రికి బండి పంపిస్తా, ఉన్నవి ఎత్తేద్దాం, లేకపోతే మొత్తం పోతాయి" అన్నారు. నేను గేటుకి తాళం వేసి తాళంచెవి కొంగున కట్టుకున్నాను. మూడు రోజులు టెన్షన్‌తో అన్నం సహించలేదు. చివరికి అది కొక్కెర తెగులని తేలింది, బర్డ్ ఫ్లూ కాదు. టీకా వేసిన బ్యాచ్ అయినా వచ్చింది, పదహారు వందల చిల్లర కోళ్ళు మిగిలాయి, బతికి బయటపడ్డాం.

ఆ గోధుమరంగు ఈకే జబ్బు తెచ్చిందని నేను రుజువు చేయలేను. వాతావరణం కావచ్చు, నా పనివాళ్ళ కాళ్ళు కావచ్చు. కానీ కొక్కెర తెగులు ఏ దారిన వస్తుందో బర్డ్ ఫ్లూ కూడా ఆ దారినే వస్తుంది, రెట్టలో, తడి లిట్టర్‌లో, చెప్పు అడుగున, టైరు సందులో. ఒకటి వచ్చిందంటే రెండోదానికీ తలుపు తెరిచి ఉన్నట్టే లెక్క. తేడా ఏమిటంటే కొక్కెర తెగులుకు టీకా ఉంది. మన దేశంలో కోళ్ళకు హెచ్9ఎన్2 అనే తక్కువ తీవ్రత ఉన్న రకానికి టీకా అనుమతించారు గానీ, కోళ్ళను మూకుమ్మడిగా చంపే హెచ్5ఎన్1కి వేయడానికి అనుమతి లేదు. కాబట్టి మనకున్న టీకా గేటొక్కటే.

2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ బయటపడ్డప్పుడు మనవాళ్ళు చాలామంది "అది కోస్తా సంగతి, అక్కడ నీళ్ళెక్కువ, కోళ్ళెక్కువ" అన్నారు. అదే నెలలో కర్నూలు నగరం లోపల, ఎన్.ఆర్. పేటలో తేలింది. ఒకసారి తేలితే ఏమవుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. ఆ చోటు చుట్టూ ఒక కిలోమీటరు లోపల ఉన్న కోళ్ళన్నిటినీ చంపి పూడ్చేస్తారు, పది కిలోమీటర్ల వరకు నిఘా పెడతారు, కోళ్ళు, గుడ్లు, ఫీడ్ అటూ ఇటూ కదలనివ్వరు. ఒక్క షెడ్డు పాపానికి పదూళ్ళ షెడ్లు ఖాళీగా పడుంటాయి.

ముందు బండ్ల సంగతి. నా షెడ్డుకి బ్యాచ్‌లో వచ్చే బండ్లు లెక్కపెట్టాను. పిల్లలు దింపే వ్యాను ఒకటి, ఫీడ్ లారీ ఐదారుసార్లు, లిఫ్టింగ్ బండ్లు మూడో నాలుగో, చివర్లో లిట్టర్ ఎత్తుకుపోయే ట్రాక్టర్. వీటన్నిటిలో లిఫ్టింగ్ బండి ప్రమాదం వేరు. పిల్లల వ్యాను హేచరీ నుంచి నేరుగా వస్తుంది. లిఫ్టింగ్ బండి మాత్రం చికెన్ సెంటర్ల నుంచి, అంటే పది ఊళ్ళ కోళ్ళు కలిసే చోటు నుంచి వస్తుంది. పైగా సగం కోళ్ళు ఎత్తి సగం వదిలేసి పోతే, ఆ బండి తెచ్చింది ఏదైనా మిగిలిన కోళ్ళ మధ్యే ఉండిపోతుంది, అవి దాన్ని పెంచి పెద్ద చేస్తాయి. మొత్తం ఒకే రాత్రి ఎత్తేస్తే షెడ్డు ఖాళీ, జబ్బు వచ్చినా దొరకడానికి కోడి ఉండదు. కాబట్టి నా మొదటి అభ్యర్థన ఇదే. ఒక షెడ్డు మొదలుపెడితే ఇరవై నాలుగు గంటల్లో ఖాళీ చేయండి. రేటు పడిందని, ఫలానా వ్యాపారి రెండు కేజీల సైజే అడిగాడని, సగం ఎత్తి వారం ఆపొద్దు. సైజుల కోసమే అయితే పెద్ద షెడ్డుని మధ్యలో విడగొట్టి వేరే తలుపు పెట్టుకోవడానికి నేను సిద్ధం, ఒక సగాన్ని ముందు పూర్తిగా ఎత్తండి, రెండో సగంలో ఎవ్వరూ కాలు పెట్టొద్దు. ఇది పూర్తి రక్షణ కాదు, గాలి ఒకటే కదా, అయినా ఇప్పటి పద్ధతి కంటే నయం.

బండి కడగడం గురించి మీకూ నాకూ మధ్య ఒక అపార్థం ఉంది. గేటు దగ్గర స్ప్రేయర్‌తో టైర్ల మీద మందు చల్లగానే శుద్ధి అయిపోయినట్టు అందరూ అనుకుంటున్నారు. రెట్ట పెచ్చు మీద ఏ మందు చల్లినా పైపైనే ఆగిపోతుంది, లోపలున్న వైరస్ చల్లగా కూర్చుంటుంది. ముందు గట్టిగా నీళ్ళు కొట్టి, సబ్బు నీళ్ళతో, బ్రష్‌తో తోమాలి, ఆ పెచ్చులు పోవాలి. ఈ వైరస్‌కి పైన కొవ్వు పొర ఉంటుంది, సబ్బే దాన్ని సగం చంపుతుంది. ఆ తర్వాత మందు కొట్టి, కనీసం పది నిమిషాలు తడి ఆరకుండా ఉంచాలి. మందు అంటే రెండు శాతం కాస్టిక్ సోడా కావచ్చు, అంటే పది లీటర్ల నీళ్ళకు రెండు వందల గ్రాములు. అయితే అది చర్మాన్ని కాలుస్తుంది, అల్యూమినియంని తినేస్తుంది, గ్లవ్స్ లేకుండా ముట్టుకోవద్దు, నీళ్ళలో కాస్టిక్ వేయాలి గానీ కాస్టిక్ మీద నీళ్ళు పోయొద్దు. లేదంటే పౌల్ట్రీ మందుల షాపుల్లో దొరికే డిసిన్ఫెక్టెంట్ ఏదైనా డబ్బా మీద రాసిన మోతాదులోనే వాడొచ్చు.

కడగాల్సిన చోటు నా గేటు కాదు. నా గేటు దగ్గర కడిగితే ఆ మురికినీళ్ళు నా షెడ్డు వైపే పారతాయి. కోళ్ళు దింపిన చోటే, అక్కడి నుంచి బయల్దేరకముందే కడగాలి, క్రేట్లతో సహా, ఎండలో ఆరాలి. క్రేటు ఒక్కోటి తోమాలంటే నాలుగైదు నిమిషాలు పడుతుందని తెలుసు. అందుకే ఒక బండికి రెండు జతల క్రేట్లు ఉండాలి, ఒకటి తిరుగుతుంటే ఇంకొకటి ఆరుతుంటుంది. ఖర్చే, కాదనను. ఇంకో మాట, అందరూ మర్చిపోయేది డ్రైవర్ క్యాబిన్. బయట బండి తళతళా మెరుస్తుంటే లోపల కాళ్ళ కింద మ్యాటు, బ్రేకు, క్లచ్చు పెడల్స్ మీద వెనకటి షెడ్డు లిట్టర్ అలాగే ఉంటుంది. డ్రైవర్ అక్కడ అడుగు పెట్టి ఇక్కడ దిగుతాడు. బండితో పాటు తిరిగే కాటా కూడా అంతే. ఏ షెడ్డులోకి పోయినా నేల మీద పెట్టి తూకం వేస్తారు, దాని అడుగున చూసిన మనిషి ఒక్కరూ లేరు. నా షెడ్లలో కాటా నేనే కొనిపెడతాను, మీరు లెక్క సరిచూసుకోండి.

ఫీడ్ లారీ విషయంలో ఒక చెడ్డ అలవాటు ఉంది. ఒక రైతు దగ్గర బ్యాచ్ అయిపోయాక మిగిలిన సంచులు పక్క రైతుకి మార్చడం. ఆ సంచులు నలభై రోజులు కోళ్ళ మధ్యనో, షెడ్డు వరండాలోనో ఉండి, దుమ్ము, రెట్ట, ఎలకల మూత్రం అన్నీ పట్టుకుని ఉంటాయి. ఫీడ్ వృథా కాకూడదన్న మాట నిజమే, కానీ విప్పిన సంచి ఏదీ గేటు దాటకూడదు. విప్పనివి కూడా కంచె బయట ఉన్న గదిలో నిల్వ చేసినవైతేనే మార్చండి. నేను కంచె అంచున చిన్న గది కట్టాను, రోడ్డు వైపు ఒక తలుపు, షెడ్డు వైపు ఒక తలుపు. లారీ రోడ్డు మీదే ఆగుతుంది, మీ హమాలీలు బయట తలుపులోంచి వేసి పోతారు, లోపలి తలుపులోంచి నా పనివాడు నా తోపుడు బండిలో తీసుకుపోతాడు. లారీ టైరు నా స్థలంలో పడాల్సిన అవసరమే లేదు.

ఇక మనుషులు. సూపర్‌వైజర్ తమ్ముళ్ళ మీద నాకు కోపం లేదు, రోజుకి ఆరేడు షెడ్లు తిరగాలని మీరే టార్గెట్ పెట్టారు. కానీ వాళ్ళు ఏ షెడ్డు తర్వాత ఏ షెడ్డుకి పోతున్నారో ఒకసారి చూడండి. పొద్దున్నే చావులు ఎక్కువున్న షెడ్డు నుంచి ఫోన్ వస్తుంది, అక్కడికి పరిగెత్తి, కోడిని కోసి చూసి, అదే కత్తి బ్యాగులో వేసుకుని, అదే చెప్పులతో పది రోజుల పిల్లలున్న షెడ్డుకి వస్తారు. వరస తిరగెయ్యాలి. ముందు చిన్న పిల్లలు, తర్వాత పెద్ద కోళ్ళు, అనుమానం ఉన్న షెడ్డు ఆఖరున, ఆ తర్వాత ఇంటికి పోయి స్నానం. ఆ మధ్యలో అర్జెంట్ ఫోన్ వస్తే పశువైద్యుడిని పంపించండి, సూపర్‌వైజర్‌ని కాదు.

"లోపలికి రానులే అక్కా, తలుపు కాడ నుంచే చూస్తా" అంటారు. తలుపు దగ్గర నిలబడితే చెప్పు తలుపు దగ్గరే ఉంటుంది, కాసేపటికి నా పనివాడి చెప్పు కూడా ఆ జాగా తొక్కుతుంది. గుమ్మం ముందు తొట్టిలో మందు నీళ్ళు పెట్టాం కదా అంటారు. ఆ తొట్టి గురించి నిజం చెప్తాను, ఎక్కువ షెడ్లలో అది మందు తొట్టి కాదు, బురద తొట్టి. రెండు రోజులకొకసారి కూడా మార్చరు, ఎండకి మందు చచ్చిపోతుంది, లిట్టర్ తేలుతుంటుంది, మనిషి దాంట్లో అర నిమిషం కూడా నిలబడడు. రోజూ మారుస్తూ, ముందు చెప్పు అడుగు తోమి, తర్వాత ముంచితేనే దానికి అర్థం ఉంటుంది. అంతకంటే చెప్పులు మార్చడం ఎంతో మేలు.

నేను ఏం చేశానంటే, షెడ్డు గుమ్మానికి అడ్డంగా బేతంచెర్ల నాపరాయి బండ ఒకటి, మోకాలి ఎత్తులో, గోడకి గోడకి మధ్య పెట్టించాను. దాటి పోవాలంటే దాని మీద కూర్చోక తప్పదు. ఇటువైపు చెప్పులు విడిచి, కాళ్ళు కింద పెట్టకుండా అలాగే అటువైపు తిప్పి, అక్కడ ఉన్న షెడ్డు చెప్పులు వేసుకుని లేవాలి. పక్కనే సబ్బు, నీళ్ళు, ఒక మేకుకి వేలాడే కోటు. షెడ్డు చెప్పులు ఎప్పుడూ బండకి ఇటువైపు రావు. రెండు షెడ్లకీ వేరువేరు చెప్పులు, ఒకటి నీలం, ఒకటి ఎరుపు, ఎరుపు చెప్పులు నీలం షెడ్డులో కనిపిస్తే ఎవరో తప్పు చేశారని దూరం నుంచే తెలుస్తుంది. దీనికి అయిన ఖర్చు ఒక బండ, నాలుగు జతల చెప్పులు, ఒక పూట మేస్త్రి కూలి. మొదటి వారం నా పనివాడే విసుక్కున్నాడు, ఇప్పుడు మర్చిపోయి దాటిన వాళ్ళను అతనే ఆపుతున్నాడు.

లిఫ్టింగ్ కూలీలు ఆరేడుగురు వస్తారు, వాళ్ళతో బండ దగ్గర కూర్చోబెట్టి చెప్పులు మార్పించడం కష్టమని మీరు అంటారు. నిజమే. అందుకే వాళ్ళ ఇళ్ళల్లో నాటుకోళ్ళో, పందెం కోళ్ళో ఉన్నాయా అని అడిగి, ఉన్నవాళ్ళను ఇంకో పనికి పెట్టండి. నా పనివాళ్ళకు నేను ఇంట్లో కోళ్ళు పెంచొద్దని ముందే చెప్పి, దానికి బదులు పండగలకు కోడి నేనే ఇస్తున్నాను. క్రేట్లు మాత్రం షెడ్డులోకి తేవద్దు. గుమ్మం బయట వరసగా పెట్టండి, మావాళ్ళు పట్టి తెచ్చి అందిస్తారు. రెండు గంటలు ఎక్కువ పడుతుంది, ఇద్దరు అదనపు కూలీల డబ్బులు కంపెనీ ఇవ్వాలి, ఇది నేను గట్టిగా అడుగుతున్నాను, ఎందుకంటే కోళ్ళు మీవి, షెడ్డు నాది, జబ్బు వస్తే ఇద్దరం మునుగుతాం.

అడవి పక్షుల గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే ఏ మీటింగ్ పెట్టినా మొదట తప్పు వాటి మీదే వేస్తారు. అక్టోబరు నుంచి మార్చి దాకా వెలుగోడు రిజర్వాయరు వైపు, శ్రీశైలం బ్యాక్‌వాటర్ వైపు వలస బాతులు దిగుతాయి. కెసి కాలువ కింద వరి కోసిన మళ్ళల్లో బాతుల మందలు తిప్పేవాళ్ళు వస్తారు. బాతుల్లో ఈ వైరస్ ఉన్నా చాలాసార్లు బయటికి ఏమీ కనిపించదు, హాయిగా తిరుగుతూ రెట్టలో వదులుతుంటాయి. కానీ వలస బాతు నేరుగా నా షెడ్డులోకి రాదు. ఆ రెట్ట పడిన కుంట నీళ్ళు వస్తాయి, ఆ మడిలో నడిచిన చెప్పు వస్తుంది, ఆ కుంట దగ్గర తిరిగిన కాకి వస్తుంది. కాబట్టి బాతుల్ని తరమడం, చెట్లు కొట్టడం వృథా పని.

కాకిని, పిచ్చుకని, గోరింకని షెడ్డుకి పిలిచేది మనమే. ఫీడ్ గది ముందు రాలిన మొక్కజొన్న, లీకయ్యే పైపు కింద నిలిచిన నీళ్ళు, జాలీలో అరచేయి పట్టేంత కంత. నా షెడ్డు జాలీ మొత్తం ఒక రోజు లోపల నిలబడి, బయట వెలుగు చూస్తూ తిరిగాను, పదకొండు కంతలు దొరికాయి, ఎక్కువ భాగం పైకప్పు, గోడ కలిసేచోట. ముప్పావు అంగుళానికి మించని కన్ను ఉన్న జాలీ అయితే పిచ్చుక దూరదు, దానికంటే పెద్దది వేస్తే వేసిన లాభం లేదు. నీళ్ళు బోరువే వాడండి, కుంటనీళ్ళు తప్పకపోతే బ్లీచింగ్ పౌడర్ వెయ్యాలి. తాజా పౌడర్ అయితే వెయ్యి లీటర్లకు పదిహేను నుంచి ఇరవై గ్రాములు, కలిపి, తేటనీళ్ళు ట్యాంకులో పోసి, అరగంట ఆగి వదలాలి. నీళ్ళు బురదగా ఉంటే మాత్రం ఆ మోతాదు పనిచేయదు, ముందు తేర్చుకోవాలి. నీళ్ళలో టీకా ఇచ్చే రోజు బ్లీచింగ్ వేయకూడదు, టీకా చచ్చిపోతుంది. ఇది మీ సూపర్‌వైజర్లు ప్రతి రైతుకీ చెప్పాల్సిన మాట, నాకు మాత్రం ఒక బ్యాచ్ పాడయ్యాకే తెలిసింది.

చచ్చిన కోళ్ళ విషయానికి వస్తే నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది. హంద్రి ఒడ్డున, కాలువ గట్ల మీద మూతికట్టిన ఫీడ్ సంచులు ఎన్నిసార్లు చూశానో. ఒక సంచిని కుక్క చింపుతుంటే పైన ఐదారు కాకులు. ఆ కాకులు ఆ ముక్క పట్టుకుని ఎవరి షెడ్డు పైకప్పు మీద వాలతాయి? చచ్చిన కోళ్ళు తక్కువ ధరకి కొంటామని తిరిగే ఆటోలు కూడా ఉన్నాయి, అవి రోజూ పది షెడ్ల దగ్గర ఆగుతాయి. అంతకంటే ప్రమాదమైన బండి నాకు తెలిసి ఇంకోటి లేదు. ఆ ఆటోకి కోళ్ళు ఇచ్చే రైతుకు మీరు పిల్లలు ఇవ్వడం ఆపండి.

ఐదువేల కోళ్ళ షెడ్డులో జబ్బు లేకపోయినా రోజుకి నాలుగైదు చస్తాయి. గుంత తీసి పూడ్చమని అందరూ చెప్తారు, మా వైపు మూడడుగులు తవ్వితే బండ తగులుతుంది, బోరు పక్కన పూడిస్తే నీళ్ళు పాడవుతాయి. అందుకని నేను కంపోస్టు చేస్తున్నాను. షెడ్డుకి దూరంగా, కోళ్ళు లేని వైపు, సిమెంటు ఇటుకలతో ఐదడుగుల చదరం గది, పైన రేకు, ముందు తీసిపెట్టే పలకలు, చుట్టూ కుక్కలు రాకుండా జాలీ. కింద ఒక అడుగు మందం ఎండు వేరుశనగ పొట్టు, దాని మీద కోళ్ళు ఒకే వరస, ఒకదాని మీద ఒకటి పడకుండా, గోడకి జానెడు దూరంగా. వాటి మీద పాత లిట్టర్ జానెడు మందం కప్పి, కొంచెం నీళ్ళు చల్లాలి. పిడికిట్లో పట్టి పిండితే చెయ్యి తడవాలి గానీ నీళ్ళు కారకూడదు. నీళ్ళెక్కువైతే కుళ్ళు వాసన, ఈగలు. తక్కువైతే వేడి పుట్టదు, పది రోజుల తర్వాత కూడా కోడి కోడిలాగే ఉంటుంది. సరిగ్గా కుదిరితే మూడు నాలుగు రోజుల్లో లోపల యాభై ఐదు, అరవై డిగ్రీల వేడి వస్తుంది. థర్మామీటర్ లేకపోతే ఒక ఇనుప కడ్డీ లోపలికి గుచ్చి పది నిమిషాలు ఉంచి లాగి పట్టుకోండి, పట్టుకోలేనంత వేడి ఉండాలి. గది నిండాక మూడు వారాలు వదిలి, ఒకసారి తిరగేసి, ఇంకో మూడు వారాలు ఉంచితే ఎముకలు తప్ప ఏమీ మిగలదు. అందుకే రెండు గదులు కావాలి, ఒకటి నిండుతుంటే ఒకటి మాగుతుంటుంది. కోళ్ళు ముట్టిన మనిషి ఆ రోజు ఆ పని ఆఖరున చేసి, బట్టలు మార్చకుండా షెడ్డులోకి పోకూడదు.

అయితే ఇది రోజువారీ చావులకు మాత్రమే. చావులు ముందు రోజుకి రెట్టింపై, మర్నాడు మళ్ళీ రెట్టింపైతే, జుట్టు నీలంగా మారినా, తల వాచినా, కాళ్ళ మీద ఎర్రటి మచ్చలు కనిపించినా, ఏ గుర్తూ లేకుండా పొద్దునకి కుప్పలుగా పడి ఉన్నా, కంపోస్టు గది వైపు పోవద్దు. కొక్కెర తెగులేనని మనమే తీర్మానించుకోవద్దు, రెండూ పైకి ఒకేలా ఉంటాయి, కళ్ళతో చూసి తేల్చగలిగిన మనిషి లేడు. చచ్చినవి షెడ్డులోనే ఒక మూల ప్లాస్టిక్ పట్టా కప్పి ఉంచి, మాస్కు, గ్లవ్స్ లేకుండా ముట్టుకోకుండా, పశువైద్యశాలకో 1962 నంబరుకో ఫోన్ చేయాలి. నమూనాలు భోపాల్‌లోని జాతీయ ల్యాబ్‌కి పోయి తేలాలి. అది తేలేదాకా ఒక్క కోడి, ఒక్క సంచి, ఒక్క గుడ్డు, ఒక్క లిట్టర్ ట్రాక్టర్ కదలకూడదు. చెప్పడం మన ఇష్టం మీద లేదు, జంతువుల అంటువ్యాధుల నివారణ కోసం తెచ్చిన 2009 చట్టం ప్రకారం అలాంటి జబ్బు అనుమానం ఉంటే తెలియజేయడం కోళ్ళను చూసుకునేవాళ్ళతో పాటు వాటి యజమాని బాధ్యత కూడా. పిల్లల్ని, ఫీడ్‌ని కంపెనీ ఇచ్చి రైతుతో పెంచించే ఈ ఇంటిగ్రేషన్‌లో ఆ యజమాని మీరే.

ఇక్కడే మీతో తగువు. "తొందరగా ఎత్తేద్దాం" అన్న ఆ ఫోన్ కాల్ నాకే కాదు, చాలామంది రైతులకు వచ్చి ఉంటుంది. ఆ రాత్రి నేను గేటు తీసి ఉంటే, అది బర్డ్ ఫ్లూయే అయి ఉంటే, షెడ్డులో ఉన్న జబ్బు కోళ్ళన్నీ కర్నూలు చికెన్ సెంటర్లలో దిగేవి, ఆ క్రేట్లే మర్నాడు కోడుమూరు వైపో, డోన్ వైపో పోయేవి. డబ్బు లెక్కలో కూడా దాచడం నష్టమే. ప్రభుత్వం పరిహారం బతికున్న కోళ్ళను చంపినప్పుడు ఇస్తుంది, అప్పటికే చచ్చినవాటికి ఇవ్వదు. మూడు రోజులు దాచితే ఆ మూడు రోజుల్లో చచ్చినవన్నీ పోయినట్టే. కాబట్టి మీ అగ్రిమెంట్‌లో ఒక వాక్యం రాయండి. చావులు ఎక్కువై రైతు పశువైద్యుడికి ఫోన్ చేసి గేటు మూసేస్తే, ఆ రోజులకు పెంపకం చార్జీ కోయబోమని, తర్వాతి బ్యాచ్ ఆపబోమని. రైతు నోరు మూసుకునేది జబ్బుకి భయపడి కాదు, తర్వాతి బ్యాచ్ రాదేమోనని భయపడి.

నా రెండు షెడ్లు ఇప్పుడు ఖాళీగా ఉన్నాయి. లిట్టర్ మొత్తం తీసేశాం, నేల కడిగి, సున్నం వేసి ఆరబెట్టాం, కంతలు మూశాం. పిల్లలు ఏ రోజు దింపుతారో చెప్పండి, గేటు దగ్గర మనిషి ఉంటాడు. గేటు పక్కన స్తంభానికి విజిటర్ పుస్తకం కట్టి ఉంది, దాంట్లో పేరు, ఫోన్ నంబరు, ఇక్కడికి రాకముందు ఏ షెడ్డుకి పోయారో రాయండి. వ్యాను రోడ్డు మీద ఆపితే చాలు, పిల్లల పెట్టెలు మేమే మోసుకుంటాం. లోపలికి రావలసినవాళ్ళ కోసం బండకి అటువైపు ఏడు, ఎనిమిది, తొమ్మిది సైజుల్లో చెప్పులు పెట్టాను, పది కావాలంటే ముందు రోజు ఫోన్ చేయండి, తెప్పిస్తాను.